ఉచిత పాఠం నుంచి నెల చందా దాకా

ఏటా జనవరి వచ్చిందంటే ప్రపంచంలో చాలా ఇళ్లలో హాల్లోనో పడగ్గదిలోనో చాప పరుచుకుని జనం ఒకే టీచరు గొంతు వింటారు. ఆ టీచరు పేరు ఎడ్రియన్ మిష్లర్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఆస్టిన్ ఆవిడ ఊరు. వృత్తిరీత్యా నటి, యోగా టీచరు కూడా. జనవరిలో ముప్పై రోజులు, రోజుకో పాఠం, యూట్యూబ్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. చాలా వీడియోల్లో ఆవిడ పెంపుడు కుక్క బెంజీ పక్కనే పడుకుని కనిపిస్తుంది. ‘యోగా విత్ ఎడ్రియన్’ అనే ఆ ఛానెల్‌కి కోటీ ఇరవై లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు.

అదే టీచరుకి ఇంకో చోటు ఉంది. దాని పేరు ‘ఫైండ్ వాట్ ఫీల్స్ గుడ్’. అక్కడ నెలకింత అని చందా కట్టాలి. 2015లో మొదలైనప్పుడు నెలకు సుమారు పది డాలర్లుండేది, తర్వాత పదమూడు డాలర్ల దగ్గరికి చేరింది. యూట్యూబ్‌లో వందల పాఠాలు ఊరికే దొరుకుతుంటే ఈ డబ్బు ఎవరు కడతారు, ఎందుకు కడతారు అనేదే ఇక్కడి అసలు ప్రశ్న. సంగీతం, డ్రాయింగ్, స్పోకెన్ ఇంగ్లిష్, పోటీ పరీక్షలు, ఏది నేర్పే టీచరయినా సోషల్ మీడియాలో పాఠాలు పెట్టి, ‘మెంబర్‌షిప్ తీసుకోండి’ అని పిలిచేటప్పుడు తేల్చుకోవలసింది ఈ ప్రశ్ననే.

ఎడ్రియన్ కథలో రెండో మనిషి క్రిస్ షార్ప్. ఒక చిన్న బడ్జెట్ సినిమా షూటింగులో ఇద్దరికీ పరిచయం. అప్పటికే ఆయన తన భార్య హైలా జాన్సన్‌తో కలిసి ‘హైలా కుకింగ్’ అనే వంటల ఛానెల్ నడుపుతున్నారు. యూట్యూబ్‌లో జనం ఏం వెతుకుతారు, వెతికిన మాటకు వీడియో ఎలా ఎదురుపడుతుంది అన్నది ఆయనకు అనుభవంతో తెలుసు. 2012లో ఇద్దరూ కలిసి యోగా ఛానెల్ మొదలుపెట్టారు.

వాళ్ల వీడియోల పేర్లు చూస్తే పద్ధతి అర్థమవుతుంది. ఆసనాల సంస్కృత నామాలు కాకుండా మామూలు మనుషుల ఇబ్బందులే ఆ పేర్లలో కనిపిస్తాయి. నడుంనొప్పికి యోగా, ఆందోళనకు యోగా, బొత్తిగా కొత్తవాళ్లకు ఇరవై నిమిషాల యోగా, రచయితలకు, తోటపని చేసేవాళ్లకు, టీచర్లకు, పెద్దవయసు వాళ్లకు యోగా. నడుం పట్టేసిన మనిషి రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఏ మాట కొడతాడో ఆ మాటే వీడియోకి పేరు. ‘బరువు తగ్గడానికి యోగా’ అని పేరు పెట్టడానికి ఎడ్రియన్ మొదట్లో ఇబ్బందిపడ్డారు. యోగాని ఆ కోణంలో చూపడం ఆవిడకు నచ్చలేదు. అయినా జనం ఆ మాటతోనే వెతుకుతారు కాబట్టి పేరు అలాగే పెట్టి, లోపల మాత్రం శరీరాన్ని తిట్టుకోకుండా మెల్లగా కదలడం నేర్పారు. గూగుల్ 2015లో ప్రకటించిన జాబితాలో జనం అత్యధికంగా వెతికిన వ్యాయామం పేరు ‘యోగా విత్ ఎడ్రియన్’.

అయితే వెతికి వచ్చినవాడు పని అయ్యాక వెళ్లిపోతాడు. నడుంనొప్పి తగ్గితే ఆ వీడియో అవసరం తీరినట్టే. ఒక్క వీడియోతో వచ్చిన మనిషిని నెలనెలా చందా కట్టే సభ్యుడిగా మార్చడం మామూలుగా జరగదు. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఆ మెట్టే జనవరి ముప్పై రోజుల కార్యక్రమం. అది కూడా 2015లోనే మొదలైంది. ఏడాదికో కొత్త పేరుతో, కొత్త వరుసతో వస్తుంది. పేరు నమోదు చేసుకుని ఈమెయిల్ ఇస్తే క్యాలెండర్ వస్తుంది, రోజూ ఉదయం ఆ రోజు పాఠం గుర్తుచేస్తూ ఉత్తరం వస్తుంది. అంతా ఉచితమే.

ఆ ముప్పై రోజుల్లో జరిగేదేమిటంటే, వచ్చినవాడికి ‘ఈ రోజు ఏం చెయ్యాలి’ అనే ఆలోచన తప్పుతుంది. తీసిపెట్టిన పాఠం ఉంటుంది, చేసెయ్యడమే. పన్నెండో రోజు వీడియో కింద వేలమంది ‘నేను కూడా పన్నెండో రోజులో ఉన్నా’ అని రాస్తారు. ఎవరో ఒకావిడ మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి నేలమీద కూర్చున్నానని రాస్తే పదిమంది శెభాష్ అంటారు. జనవరి ఆఖరుకి వచ్చేసరికి ఆ మనిషికి ఒక అలవాటు, ఒక టీచరు, తోటి విద్యార్థులు దొరుకుతారు. ఫిబ్రవరి ఒకటిన మాత్రం మళ్లీ ‘ఇవాళ ఏం చెయ్యాలి’ అనే ప్రశ్న ఎదురవుతుంది.

చందా మాట వినడానికి సరైన సమయం అదే.

డబ్బు కట్టినవాళ్లకు దొరికేది రహస్య విద్య కాదు. ప్రకటనలు అడ్డురాని వీడియోలు, యూట్యూబ్‌లో లేని ప్రత్యేక వరుసలు, ఇతర టీచర్ల తరగతులు, ఇంటర్నెట్ లేనిచోట చూసుకోవడానికి డౌన్‌లోడ్ సదుపాయం. శవాసనంలో కళ్లు మూసుకుని పడుకున్న మనిషికి సబ్బు ప్రకటన వినిపించకపోవడం ఎంత విలువైనదో చేసేవాళ్లకే తెలుస్తుంది. వీటన్నిటికీ మించి, చందా కట్టినవాళ్లలో కొందరు ఏళ్ల తరబడి ఉచితంగా పొందినదానికి కృతజ్ఞతగా కడతారు. ఈ చివరి కారణాన్ని తక్కువగా చూడకూడదు. ఉచిత పాఠం సగం చెప్పి ‘మిగతా సగం డబ్బు కట్టాక’ అని ఆపేసిన టీచరుకు ఆ కృతజ్ఞత దొరకదు. ఎడ్రియన్ ఉచిత వీడియో ఏదైనా అది దానంతట అది పూర్తి పాఠం. ఇరవై నిమిషాలు చేస్తే ఇరవై నిమిషాల ఫలితం ఉంటుంది. తెలుగులో చాలామంది కొత్త టీచర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘అసలు టెక్నిక్ కోర్సులో చెప్తా’ అని ఊరించి వదిలేస్తారు. చూసినవాడికి దక్కేది అసంతృప్తి. దాన్ని వెంటబెట్టుకుని డబ్బు కట్టేవాళ్లు తక్కువ, కట్టినా నిలిచేవాళ్లు ఇంకా తక్కువ.

2020 జనవరి కార్యక్రమానికి ఆవిడ పెట్టిన పేరు ‘హోమ్’. కరోనా ముందే అనుకున్న పేరది. మార్చిలో ప్రపంచం తలుపులు మూసుకుని, ఇంట్లోనే యోగా ఎలా చెయ్యాలా అని జనం వెతికేసరికి ముప్పై రోజుల పాఠం వరుస సిద్ధంగా ఉంది. కొత్తగా ఒక్క వీడియో తియ్యకపోయినా ఆ వరుస పనిచేసింది. వెతుకులాటలో దొరికే పూర్తి పాఠానికి ఉన్న బలం ఇది. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌ను జనం చూసేది కొద్ది రోజులే, ఆ తర్వాత అది మరుగున పడుతుంది. బాగా పేరు పెట్టిన యూట్యూబ్ పాఠం ఏళ్ల తరబడి మనుషుల్ని తెస్తూనే ఉంటుంది.

అలాగని చిన్న వీడియోలు వృథా అని కాదు. వాటి పని పరిచయం చెయ్యడం వరకే. అక్కడినుంచి చందా దాకా దారి కొంచెం చిక్కుగా ఉంటుంది. యూట్యూబ్ 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలోనూ, కామెంట్లలోనూ పెట్టే లింకుల్ని నొక్కే వీలు లేకుండా చేసింది. మోసపు లింకుల్ని అరికట్టడానికి తీసుకున్న చర్య అది. దాంతో షార్ట్ చూసినవాడు నేరుగా చేరే పేజీకి పోలేడు. ముందు ఆ టీచరు పొడుగు వీడియోకో ఛానెల్ పేజీకో వెళ్లాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ కింద రాసే రాతలోని లింకూ నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్లో పెట్టినది పనిచేస్తుంది. ‘కామెంట్లో రాగం అని రాయండి, లింక్ మెసేజ్ చేస్తాం’ అని ఈ మధ్య ప్రతి టీచరూ అంటున్నది అందుకే.

ఈ దారిని ఒక తెలుగు లెక్కతో చూస్తే సంగతి తేటపడుతుంది. ఇవి ఊహించి వేసుకున్న అంకెలు. విజయవాడలో ఒక సంగీతం టీచరమ్మ ఉన్నారనుకుందాం. అన్నమయ్య కీర్తనలు, సరళీ వరసలు నేర్పుతారు. నెలకు 299 రూపాయల చందాతో ఒక సభ్యుల బృందం పెట్టారు. వారానికి రెండు లైవ్ తరగతులు, సభ్యులు తాము పాడి పంపిన రికార్డింగులకు దిద్దుబాట్లు. రీల్స్, షార్ట్స్ కలిపి నెలలో లక్షమంది చూశారు. అందులో రెండువేల మంది పొడుగు పాఠం దాకా వచ్చారు. వాళ్లలో మూడువందల మంది ‘ఏడు రోజుల సరళీ వరసల సాధన’ అనే ఉచిత కార్యక్రమానికి ఈమెయిలో వాట్సాప్ నంబరో ఇచ్చారు. వారం అయ్యాక యాభై మంది చందా కట్టారు. లక్షలో యాభై అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఆమె చూసుకోవలసింది లక్షని కాదు, మూడువందల్ని. ఆ వారం సాధన చేసినవాళ్లలో ఆరుగురికి ఒకరు చేరారు. రీల్ చూసినవాళ్లలో రెండువేల మందికి ఒకరు చేరారు. ఆమె ఇంకో రీల్ తియ్యడం కన్నా ఆ ఏడు రోజుల కార్యక్రమాన్ని మెరుగుపరచుకుంటే ఫలితం ఎక్కువ.

ఇంతవరకూ చేరేవాళ్ల లెక్క. వెళ్లేవాళ్ల లెక్క దీనికన్నా ముఖ్యం. నెలకు యాభై మంది చేరుతున్నారు, ఉన్నవాళ్లలో నూటికి పదిమంది మానేస్తున్నారు అనుకుందాం. మొదట్లో బృందం చకచకా పెరుగుతుంది. సభ్యులు అయిదువందలకు దగ్గరపడేకొద్దీ మానేవాళ్లూ నెలకు యాభైకి దగ్గరపడతారు. చేరేవాళ్లూ యాభయ్యే. బృందం అక్కడ ఆగిపోతుంది. టీచరమ్మ రోజూ రీల్స్ తీస్తూనే ఉంటారు, ఆదాయం మాత్రం కదలదు. నూటికి ఇరవై మంది మానేస్తుంటే ఆగేది రెండువందల యాభై దగ్గరే. అయిదుగురే మానేస్తే అదే యాభై చేరికలతో బృందం వెయ్యిమంది దాకా వెళుతుంది. కుండకు చిల్లు ఉన్నప్పుడు నీళ్లు ఎంత పోశామన్నదానికన్నా చిల్లు ఎంత ఉందన్నదే మట్టాన్ని తేలుస్తుంది.

మానేసేవాళ్లు రెండు రకాలు. ఒకరు ఇష్టపూర్వకంగా రద్దు చేసుకున్నవాళ్లు, మరొకరు డబ్బు కట్ కాక జారిపోయినవాళ్లు. ఈ రెండో రకాన్ని చాలామంది టీచర్లు గమనించరు. ఖాతాలో డబ్బు లేకపోవడం, కార్డు గడువు తీరిపోవడం, ఆటోపే అనుమతి రద్దయిపోవడం లాంటి కారణాలతో సభ్యత్వం ఆగిపోతుంది. ఆ మనిషికి మానాలన్న ఉద్దేశం లేదు. ఒక్క మెసేజ్ పెడితే మళ్లీ కడతాడు. చెల్లింపుల యాప్‌లో ‘రద్దు’, ‘విఫలం’ అని రెండు పట్టీలు వేరువేరుగా ఉంటాయి. వాటిని కలిపి ఒకే అంకెగా చూస్తే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

మన దేశంలో దీనికి ఇంకో ప్రత్యేకత ఉంది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం నెలనెలా దానంతట అదే కట్ అయ్యే చెల్లింపుకి, కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందస్తు సమాచారం ఇవ్వాలి. 2021 అక్టోబరు నుంచి కార్డులకు ఈ పద్ధతి కచ్చితంగా అమలవుతోంది. అప్పట్లో అయిదువేల రూపాయల వరకు ఓటీపీ లేకుండా కట్ అయ్యేది, 2022లో దాన్ని పదిహేనువేలకు పెంచారు. యూపీఐలో ఆటోపే సదుపాయం 2020లో వచ్చింది. చందాదారుడికి ఇది మంచి రక్షణ. టీచరు వైపు నుంచి చూస్తే మాత్రం నెలనెలా ఒక పరీక్ష. ‘రేపు మీ ఖాతా నుంచి 299 రూపాయలు కట్ అవుతాయి’ అనే మెసేజ్ రాగానే, నెలంతా ఒక్కసారి కూడా తరగతికి రాని మనిషి అప్పుడే వెళ్లి రద్దు చేసుకుంటాడు. మరిచిపోయి కట్టే చందామీద ఇక్కడ వ్యాపారం నిలవదు. ఇది మంచికే.

అందుకే అనుభవమున్న నిర్వాహకులు కొత్త సభ్యుడి మొదటి రెండు వారాలమీద దృష్టి పెడతారు. చేరిన తొలివారంలో ఒక్క రికార్డింగన్నా పంపాడా, దానికి టీచరు నుంచో పాత సభ్యుల నుంచో జవాబు వచ్చిందా అన్నది చూస్తారు. పంపనివాడికి పేరు పెట్టి ఒక మెసేజ్ వెళుతుంది. ‘మాయామాళవగౌళలో మొదటి సరళీ వరస ఒక్కటి పాడి పంపండి, తప్పులు పోయినా ఫర్వాలేదు’ అనే మాట, ‘మా బృందానికి స్వాగతం’ అనే పోస్టరు కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మనిషి చెయ్యగలిగిన చిన్న పని చెప్పడం అందులోని కిటుకు.

ఇక్కడ టీచరు ఒక హద్దుకు చేరుకుంటారు. యాభై మంది ఉన్నప్పుడు ప్రతి రికార్డింగూ తానే విని దిద్దగలరు. ఒక్కోదానికి అయిదు నిమిషాలనుకున్నా, అయిదువందల మంది వారానికి ఒకటి పంపితే నలభై గంటలు దాటుతుంది. అంటే మరో పని చెయ్యకుండా వారమంతా అదే. ఎడ్రియన్ లాంటి టీచర్లు ఈ సమస్యను ముందే పక్కకు పెట్టారు. అక్కడ ఎవరి పాఠాన్నీ ఆవిడ విడిగా దిద్దరు. సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేదిక ఉంది, పాఠం మాత్రం అందరికీ ఒకటే. యోగాకి అది కుదిరింది. శ్రుతి తప్పడాన్ని తోటి విద్యార్థి పట్టుకోలేకపోవచ్చు కాబట్టి సంగీతానికి కుదరదు. అటువంటప్పుడు దిద్దుబాటు కావలసినవాళ్లకు ఎక్కువ ధరతో కొద్దిమందికే ఒక తరగతి, మిగతావాళ్లకు 299 రూపాయల సాధన బృందం అని విడదీయడం ఒక దారి. బృందంలో కొంచెం ముందున్న విద్యార్థులకు గౌరవవేతనం ఇచ్చి కొత్తవాళ్లను చూసుకోమనడం రెండో దారి. ‘ప్రతి ఒక్కరికీ వ్యక్తిగత శ్రద్ధ’ అని రీల్‌లో మాట ఇచ్చి అయిదువందల మందిని చేర్చుకుంటే మూడోనెలలో రద్దులు మొదలవుతాయి.

సోషల్ మీడియాలో పెట్టేదానికీ లోపల జరిగేదానికీ పొంతన ఉండాలన్నది దీన్నిబట్టే అర్థమవుతుంది. ట్రెండింగ్ సినిమా పాట పాడిన రీల్‌కి పదిలక్షల మంది వస్తారు, వాళ్లలో సరళీ వరసలు సాధన చేసేవాళ్లు అరుదు. అదే, ఒక పదేళ్ల పాప మొదటివారం పాడిన వరస, ఎనిమిదోవారం పాడిన వరస పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏం దిద్దారో టీచరు చెప్పిన రీల్‌కి పదివేల మందే రావచ్చు. వాళ్లలో చాలామంది ‘మా పిల్లకి కూడా ఇలా’ అనుకునే తల్లిదండ్రులు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉండి పిల్లలకు తెలుగు కీర్తనలు నేర్పించాలనుకునే కుటుంబాలకు ఇలాంటి రీల్ నేరుగా తాకుతుంది. పాప వీడియో పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరిగా తీసుకోవాలి, పేరు, బడి వివరాలు బయటపెట్టకూడదు. ఏ వీడియో మనుషుల్ని తెచ్చిందో తెలియాలంటే ఒక్కో వీడియోకి విడి లింకు పెట్టుకోవచ్చు. అంతకన్నా సులువైన పద్ధతి, చేరే ఫారంలో ‘మమ్మల్ని ఏ వీడియో చూసి వచ్చారు?’ అని ఒక్క ప్రశ్న అడగడం. మూడునెలల తర్వాత ఆ జవాబుల్ని, ఇంకా నిలిచి ఉన్నవాళ్ల పేర్లతో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రకం వీడియోకి సమయం పెట్టాలో తెలిసిపోతుంది.

చందా ఎక్కడ కట్టించుకోవాలన్నదీ తేల్చుకోవలసిందే. యూట్యూబ్‌లోని ‘జాయిన్’ బటన్ ద్వారా వచ్చే డబ్బులో పన్నులూ రుసుములూ పోను 70 శాతం టీచరుకు చేరుతుంది. సౌకర్యం ఉంది, కానీ సభ్యుల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు టీచరు చేతికి రావు. రేపు ఛానెల్‌కి ఏదైనా ఇబ్బంది వస్తే ఆ సభ్యులకు కబురు పెట్టే దారి ఉండదు. సొంత చెల్లింపు లింకు పెట్టుకుంటే ఖర్చు తక్కువ, చిరునామాలు తన దగ్గరుంటాయి, లెక్కలూ ఫిర్యాదులూ మాత్రం తానే చూసుకోవాలి. యూట్యూబ్‌లో అంత పెద్ద ఛానెల్ ఉండి కూడా ఎడ్రియన్ బృందం చందాను వేరే చోట పెట్టుకుని, జనవరి కార్యక్రమానికి ఈమెయిల్ అడగడం ఇందుకు మంచి ఉదాహరణ.

చేరాలనుకునే పాఠకులు డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు కనుక్కోవచ్చు. గతనెలలో లైవ్ తరగతులు చెప్పినన్ని జరిగాయా, సభ్యుల ప్రశ్నలకు ఎన్నాళ్లకు జవాబు వస్తోంది, మానేస్తే పాత రికార్డింగులు చూడనిస్తారా అని టీచరునే అడగాలి. ఒకనెల కట్టి చూడకుండా ఏడాది చందా తీసుకోకూడదు. మానెయ్యాలనిపించినప్పుడు టీచరుకు మెసేజ్ పెట్టినంత మాత్రాన చెల్లింపు ఆగదు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, అక్కడున్న అనుమతుల్లో ఆ పేరు వెతికి, రద్దు నొక్కాలి. కట్ అయ్యే తేదీకి రెండు రోజుల ముందే ఆ పని చేసుకోవడం మంచిది.